జవాబివ్వని గైడ్‌కు మూడు ప్రశ్నల మెయిల్

ప్రశ్న: జియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో సంవత్సరం. మా గైడ్ మంచివారే, కానీ ఈ మధ్య డీన్ అయ్యారు. రెండు నెలల్లో మూడు మెయిళ్లు పంపాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఎదురుపడితే "చూస్తానమ్మా" అంటారు. చివరి మెయిల్ రెండు పేజీలు రాశాను, మొత్తం చాప్టర్ జతచేశాను, "మీ అమూల్యమైన సలహాలు ఇవ్వగలరు" అని ముగించాను. వచ్చే నెల ఆర్‌ఏసీ, అంటే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ మీటింగ్ ఉండాలి, దాని తేదీ కూడా తెలియదు. ఎలా రాస్తే జవాబిస్తారు? ఎక్కువసార్లు అడిగితే విసుక్కుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:

నేనూ మీ సార్ లాంటి సార్‌నే, కాబట్టి ముందు ఆయన వైపు నుంచి చెబుతాను. భూగర్భజలాల మీద పనిచేస్తాను, ప్రస్తుతం నా దగ్గర ఐదుగురు స్కాలర్లున్నారు. మెయిల్ తెరిచి, "దీన్ని తీరిగ్గా చూడాలి" అనుకుని పక్కన పెట్టి, ఇక దాని మొహం చూడని సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. అంతకుముందు స్కాలర్‌గా ఉన్నప్పుడు మా గైడ్ గది బయట బెంచీ అరగదీసినవాణ్ణీ నేనే. రెండు వైపులా కూర్చున్నాక నాకు అర్థమైంది ఇది: చాలాసార్లు జవాబు రానిది కోపం వల్ల కాదు. ఆ మెయిల్‌కు జవాబు రాయాలంటే చేయాల్సిన పని పెద్దది కావడం వల్ల.

మీ చివరి మెయిల్ అందుకున్న మనిషి ఏం చేయాలో చూడండి. రెండు పేజీలు చదవాలి. చాప్టర్ దించుకుని అదీ చదవాలి. పోయినసారి మీతో ఏం మాట్లాడారో గుర్తు తెచ్చుకోవాలి. ఆ తర్వాత మీకు సలహా ఎక్కడ కావాలో ఆయనే వెతికి పట్టుకుని, అప్పుడు రాయాలి. గంటన్నర పని. డీన్‌కు వారంలో గంటన్నర ఏకబిగిన దొరికేది ఆదివారమే, ఆదివారం ఎవరిదో ఒకరిది పెళ్లి ఉంటుంది. అదే మెయిల్‌ను ఆయన మీటింగ్‌కూ మీటింగ్‌కూ మధ్య వరండాలో నడుస్తూ ఫోన్‌లో చదివి, నిలబడ్డచోటే ఒక్క లైన్‌లో జవాబిచ్చేలా రాయగలిగితే జవాబు వస్తుంది. మెయిల్ చిన్నదైతే సరిపోదు. అందులోని ప్రశ్నలు ముందే సగం తేలిపోయి ఉండాలి. చాలామంది రాసేటప్పుడు పొట్టిగా రాయడం మీదే దృష్టి పెడతారు, అసలు శ్రమ ప్రశ్న తయారుచేయడంలో ఉంది.

నా దగ్గర పనిచేసిన ఒక స్కాలర్ సంగతి చెబుతాను, మీ సబ్జెక్టుకూ దగ్గరే. నల్లగొండ జిల్లా బోరుబావుల్లో ఫ్లోరైడ్ మీద ఆమె పని. తొంభై ఆరు బావులు, మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి. మొదట నాకు రాసిన మెయిల్‌లో సారాంశం ఇది: "సార్, నవంబరు డేటాలో కొన్ని శాంపిళ్లకు చార్జ్ బ్యాలెన్స్ సరిగ్గా రావడం లేదు. ఏం చేయమంటారో చెప్పగలరు." దానికి నేను జవాబివ్వలేదు. ఇవ్వాలనే అనుకున్నాను. కానీ ఎన్ని శాంపిళ్లు, ఎంత తేడా, ఏ వైపు తేడా అన్నది తెలియకుండా చెప్పడానికి ఏమీ లేదు, అవన్నీ తిరిగి అడగాలంటే నేనొక మెయిల్ రాయాలి. అక్కడ ఆగిపోయింది. మూడు వారాల తర్వాత ఆమె నా సీనియర్ స్కాలర్‌తో కూర్చుని ఆ ప్రశ్నను విప్పింది. ఆ విప్పిన తీరే మీకు పనికొస్తుంది.

చార్జ్ బ్యాలెన్స్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. నీటిలో ధనావేశమున్న అయాన్లు (కాల్షియం, సోడియం వగైరా), రుణావేశమున్న అయాన్లు (బైకార్బొనేట్, క్లోరైడ్ వగైరా) మిల్లీ ఈక్వివలెంట్లలో లెక్కిస్తే సమానం కావాలి. కాకపోతే కొలతలో ఎక్కడో తప్పుంది. ఐదు శాతంలోపు తేడా బాగున్నట్టు, పది దాటితే అనుమానించాలి అన్నది మా రంగంలో అందరూ పాటించే కొలమానం.

ఆమె ముందుగా చేసింది లెక్కపెట్టడం. పది శాతం దాటినవి పద్నాలుగు. వాటిలో రెండింటికి తేడా మైనస్‌లో ఉంది, పన్నెండింటికి ప్లస్‌లో. మైనస్‌లో ఉన్న రెండూ వేర్వేరు ఊళ్లవి, సోడియం కొలిచేటప్పుడు డైల్యూషన్ తప్పు పోయి ఉండొచ్చు. ఆసిడ్ వేసిన సీసాలో నీళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. దీనికి గైడ్ ఎందుకు? కొలిచింది, సరిపోయాయి. ప్రశ్నల జాబితాలోంచి ఒకటి అక్కడే ఎగిరిపోయింది. స్కాలర్లు అడిగే ప్రశ్నల్లో మూడో వంతు ఇలాంటివే ఉంటాయని నా అనుభవం. ల్యాబ్‌లో ఒక పూట కూర్చుంటే తీరేవాటిని మెయిల్‌లో పెట్టి నెల రోజులు ఎదురుచూస్తారు.

మిగిలిన పన్నెండు ఆసక్తికరం. ఫీల్డ్ నోట్‌బుక్ తీస్తే అన్నీ మర్రిగూడ వైపు వెళ్లిన ఒకే ట్రిప్‌వని తేలింది. బైకార్బొనేట్ ఎంతుందో తేల్చేది ఆల్కలినిటీ టైట్రేషన్, మిగతా ట్రిప్పుల్లో దాన్ని అదే రోజు రాత్రి చేసింది. ఈ ట్రిప్ తర్వాత ఆమెకు జ్వరం వచ్చి ఐదు రోజుల తర్వాత చేసింది. బోరు నీటిలో భూమి లోపల కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటుంది. సీసాలో అది మెల్లగా బయటికి పోతే నీటి పీహెచ్ పెరుగుతుంది, కాల్షియమూ బైకార్బొనేటూ కలిసి కాల్సైట్‌గా అడుగున తెల్లగా దిగుతాయి. కాల్షియం కొలిచేది నైట్రిక్ ఆసిడ్ వేసిన సీసాలోంచి కాబట్టి అక్కడ ఏమీ తగ్గదు. ఆల్కలినిటీ కొలిచేది ఆసిడ్ వేయని సీసాలోంచి కాబట్టి అక్కడ తగ్గుతుంది. అంటే ధన అయాన్లు ఎక్కువైనట్టు కనిపిస్తాయి, తేడా ప్లస్‌లో వస్తుంది. ఊహ సరిగ్గా కుదిరింది. అయినా ఊహగా వదిలేయకుండా ఆమె నాలుగు సీసాలు తీసి, ఆసిడ్ వేయని నీటిలో కూడా కాల్షియం కొలిచింది. రెండు సీసాల మధ్య కాల్షియం ఎంత తగ్గిందో, బ్యాలెన్స్‌లో రుణావేశం దాదాపు అంతే తక్కువగా ఉంది. కారణం దొరికింది.

ఇప్పుడు చూడండి, "ఏం చేయమంటారు" అన్న ప్రశ్న ఎంత చిన్నదైందో. ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్‌తో విడిగా కొలుస్తారు, ఆల్కలినిటీ ఆలస్యంతో దానికి సంబంధం లేదు. కాబట్టి ఆ పన్నెండు బావుల ఫ్లోరైడ్ విలువలు పనికొస్తాయి. కానీ ఆమె చాప్టర్‌లో వాదనంతా బైకార్బొనేట్ మీద నిలబడింది: గ్రానైటు ప్రాంతంలో బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తగ్గినచోట ఫ్లోరైడ్ నీటిలోకి ఎక్కువ కరుగుతుందని. ఆ వాదనకు ఈ పన్నెండింటిని వాడకూడదు. పూర్తిగా తీసేస్తే ఫ్లోరైడ్ మ్యాప్‌లో ఒక మండలం ఖాళీ అవుతుంది, అదీ సమస్య ఎక్కువున్న మండలం. మళ్లీ వెళ్లి నీళ్లు తెద్దామంటే అప్పటికి ఫిబ్రవరి, నవంబరు నీళ్లు ఫిబ్రవరిలో దొరకవు. ఇక మిగిలింది రెండే దారులు, ఏ దారో చెప్పాల్సింది గైడ్. ఎందుకంటే రేపు వైవాలో ఎగ్జామినర్ అడిగితే సమాధానం చెప్పేటప్పుడు ఆయన కూడా పక్కన కూర్చుంటాడు.

అప్పుడు వచ్చిన మెయిల్ ఇది. ఇంగ్లీషులో రాసింది, నేను తెలుగులో పెడుతున్నాను.

*విషయం: 14వ తేదీలోగా 3 నిర్ణయాలు కావాలి: చాప్టర్ 3, ఆర్‌ఏసీ తేదీ*

*సార్, నమస్కారం.*

*డిసెంబరు 12న మీతో మాట్లాడాక: నవంబరు శాంపిళ్లు 96 విశ్లేషణ అయిపోయింది. చాప్టర్ 3లో ఫలితాలు రాశాను, చర్చ భాగం మిగిలింది. అయాన్ క్రొమటోగ్రాఫ్ కాలమ్ మార్చాల్సి రావడంతో అనుకున్నదానికంటే మూడు వారాలు వెనకబడ్డాను.*

*1. మర్రిగూడ ట్రిప్‌లోని 12 శాంపిళ్లకు చార్జ్ బ్యాలెన్స్ తేడా +11 నుంచి +16 శాతం ఉంది. ఆల్కలినిటీ ఐదు రోజులు ఆలస్యంగా చేశాను, సీసాలో కాల్సైట్ దిగింది (4 సీసాల్లో సరిచూశాను). ఎ) 12నీ పూర్తిగా తీసేయడం. బి) ఫ్లోరైడ్ మ్యాప్‌లో ఉంచి, పైపర్ డయాగ్రమ్, సాచురేషన్ ఇండెక్స్ లెక్కల నుంచి మాత్రం తీసేయడం. నేను బి అనుకుంటున్నాను. మీరు చెప్పేదాకా ఏదీ తీసేయను.*

*2. మే, నవంబరు ఫలితాలను రెండు చాప్టర్లుగా కాకుండా ఒకే చాప్టర్‌లో రాస్తున్నాను. వద్దంటే చెప్పండి, లేకపోతే 14 తర్వాత ఇలాగే కొనసాగిస్తాను.*

*3. ఆర్‌ఏసీకి 21 లేదా 25 మధ్యాహ్నం మిగతా సభ్యులకు కుదురుతుందన్నారు. ఏది ఖాయం చేయమంటారు?*

*ఒక పేజీ జతచేశాను: 12 బావుల పట్టిక, మ్యాప్. చాప్టర్ ఇప్పుడు చదవనవసరం లేదు.*

నేను అప్పుడు పేపర్ వాల్యుయేషన్‌లో ఉన్నాను. టీ కోసం బయటికి వచ్చి ఫోన్ తీశాను. జవాబు రాయడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు: "1 బి. ఆ 4 సీసాల లెక్క చాప్టర్‌లో పట్టికగా పెట్టు. 2 సరే. 3 25న."

ఆ మెయిల్‌లో ఒక్కొక్కటీ ఎందుకలా ఉందో చెబుతాను, మీరు నకలు కొట్టినా తెలిసి కొట్టాలి.

సబ్జెక్ట్ లైన్‌లో "ప్రోగ్రెస్ రిపోర్ట్" అని ఉంటే నేను దాన్ని సమాచారంగానే లెక్కేస్తాను, సమాచారం ఆగుతుంది. "3 నిర్ణయాలు" అంటే నా మీద మూడు పనులున్నాయని తెరవకుండానే తెలుస్తుంది, తేదీ ఉంది కాబట్టి ఎప్పటికో కూడా తెలుస్తుంది. తేదీ మీ ఇష్టం వచ్చినట్టు పెట్టకండి. ఆమెకు 14 ఎందుకంటే, 21న ఆర్‌ఏసీ పెట్టినా సభ్యులకు నోటీసు వెళ్లడానికి వారం కావాలి. ఎవరైనా అడిగితే కారణం చెప్పగలిగే తేదీ అయి ఉండాలి. "వీలైనంత త్వరగా" అన్నది అసలు తేదీయే కాదు.

"డిసెంబరు 12న మీతో మాట్లాడాక" అన్న మాట చిన్నదే కానీ నాకు చాలా పని తగ్గించింది. ఐదుగురు స్కాలర్లలో ఎవరు ఎక్కడున్నారో నాకు గుర్తుండదు, ఉండదని ఒప్పుకోవడానికి మొహమాటం కూడా. ఆ మొహమాటంతోనే కొన్ని మెయిళ్లకు జవాబివ్వను. ఎక్కడ ఆపామో స్కాలరే చెప్పేస్తే ఆ ఇబ్బంది పోతుంది.

వెనకబడ్డ సంగతి ఆమె దాచలేదు, అలాగని దానికి పేరా నిండా క్షమాపణలూ రాయలేదు. ఎంత, ఎందుకు అన్న రెండు విషయాలు ఒక వాక్యంలో. "పని బాగా సాగుతోంది సార్" అని రాసే స్కాలర్లను చూస్తే నాకు అనుమానం. నాలుగో సంవత్సరంలో పని బాగా సాగడమనేది ఉండదు, ఒకచోట సాగుతుంది, ఇంకోచోట ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న చోటు చెబితేనే ఆ మనిషి నిజంగా పనిచేస్తోందని నమ్మకం కుదురుతుంది.

మొదటి ప్రశ్నలో ఆమె తన ఎంపిక చెప్పింది. మీలాంటి చాలామంది ఇక్కడే జంకుతారు, సార్‌కు ముందే నిర్ణయం చెబితే పొగరనుకుంటారేమోనని. అలా ఎవరూ అనుకోరు. ఎంపిక చెప్పకుండా రెండు దారులూ ముందు పెట్టి చేతులు కట్టుకుంటేనే మాకు భారం. ఆమె "బి" అన్నది కాబట్టి నేను ఆలోచించాల్సింది బిలో ఏమైనా లోపముందా అన్నంత వరకే. నాకు కనిపించిన లోపం ఒకటే, ఆ నాలుగు సీసాల ఋజువు థీసిస్‌లో ఎక్కడా లేకపోవడం. దాన్ని ఒక వాక్యంలో చెప్పేశాను. గైడ్ మీ మాటతో విభేదించడానికి కూడా ముందు మీ మాటంటూ ఒకటి ఉండాలి.

రెండో ప్రశ్నకీ మొదటిదానికీ తేడా గమనించారా? రెండోదాంట్లో "లేకపోతే ఇలాగే కొనసాగిస్తాను" అంది, మొదటిదాంట్లో "మీరు చెప్పేదాకా ఏదీ తీసేయను" అంది. ఇది చాలా ముఖ్యం, కాస్త ఆగి చెబుతాను. మౌనం అర్ధాంగీకారమన్న సూత్రం గైడ్ దగ్గర అన్నిటికీ పనిచేయదు. వెనక్కి తిప్పగలిగిన వాటికే పనిచేస్తుంది. చాప్టర్ల కూర్పు, బొమ్మల క్రమం, ఏ పద్ధతితో ముందు లెక్కచేయాలి, ఇవి రేపు మార్చమన్నా మార్చొచ్చు, రెండు రోజులు పోతాయి. డేటా తీసేయడం, టైటిల్ మార్చడం, పేపర్ జర్నల్‌కు పంపడం, రచయితల పేర్ల క్రమం, ప్రాజెక్టు డబ్బుతో కొనడం, ఇవి ఆయన నోటితోనో చేతి రాతతోనో రావాలి.

నాకిది ఎలా తెలిసిందంటే నా నెత్తి మీద పడి తెలిసింది. స్కాలర్‌గా ఉన్న రోజుల్లో మా గైడ్‌కు "శుక్రవారంలోగా మీరు చెప్పకపోతే పేపర్ పంపేస్తాను సార్" అని రాశాను. ఆయన చెప్పలేదు. నేను పంపేశాను. ఆయన పేరు రెండోదిగా పెట్టాను, కరస్పాండింగ్ ఆథర్‌గా నా పేరు పెట్టాను. జర్నల్ నుంచి సహరచయితలందరికీ వెళ్లే ఆటోమేటిక్ మెయిల్ ఆయనకు వెళ్లింది. నా ఆరు మెయిళ్లు చూడని మనిషి దాన్ని పది నిమిషాల్లో చూశాడు. పేపర్ వెనక్కి తీసుకున్నాం, ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ గదిలోకి వెళ్లాలంటే నాకు కాళ్లాడలేదు. ఆయన కోపం న్యాయమే. తన పేరుతో బయటికి వెళ్లేదానికి మౌనాన్ని సంతకంగా వాడుకున్నాను.

మూడో ప్రశ్నలో ఆమె చేసిన పని మీకు వెంటనే అవసరం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి కన్వీనర్ గైడే, స్కాలర్ ప్రతి సెమిస్టరుకు ఒకసారి ఆ కమిటీ ముందుకు వచ్చి పని చూపించాలి. కాగితం మీద కన్వీనర్ ఆయన, తిరగాల్సింది మాత్రం మీరు. మిగతా సభ్యులను ముందే కలిసి రెండు తేదీలు పట్టుకోండి, ఆయనను ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోమనండి. "ఆర్‌ఏసీ ఎప్పుడు సార్" అని అడిగితే ఆయన సభ్యులకు ఫోన్లు చేయాలి. చేయరు.

జతచేసిన కాగితం గురించి ఒక్క మాట. ఒక పేజీ, పీడీఎఫ్, ఫోన్‌లో వేళ్లతో లాగకుండా చదవగలిగేంత అక్షరం. ఫైల్ పేరు తెరవకుండానే అర్థం కావాలి. `final_new2.docx` అని పంపిన ఫైల్‌ను ఆరు నెలల తర్వాత మీరే గుర్తుపట్టలేరు.

అయినా జవాబు రాకపోతే? మూడు నాలుగు పనిదినాలు ఆగి అదే మెయిల్‌కు రిప్లై కొట్టండి, కొత్త మెయిల్ వద్దు. పైన ఒక్క వాక్యం చాలు: "సార్, 14లోగా వీటిలో కనీసం 3వది కావాలి, నోటీసు పంపాలి." మూడింట్లో ఏది ఆగదో మీరే తేల్చి చెప్పండి. సోమవారం పొద్దున పంపకండి, అడ్మిన్ పదవిలో ఉన్నవాళ్లకు ఆ పూట సర్క్యులర్లతోనే సరిపోతుంది. అప్పటికీ లేకపోతే వాట్సాప్‌లో "సార్, మెయిల్‌లో 3 ప్రశ్నలున్నాయి, నంబర్లతో జవాబిస్తే చాలు" అనండి. మెయిల్ మొత్తం వాట్సాప్‌లో అతికించవద్దు. అది పెళ్లి ఫొటోల కింద పడి పోతుంది, పైగా రేపు వెతికితే దొరకదు.

చాలామంది సార్లు రాయరు కానీ మాట్లాడతారు. మీ సార్ కూడా ఆ కోవే అనిపిస్తోంది, "చూస్తానమ్మా" అంటున్నారు కదా. అలాంటివారి దగ్గర మెయిల్‌ను జవాబు కోసం కాకుండా మాటకు ముందు పెట్టే కాగితంగా వాడండి. ఆ మెయిల్‌నే ప్రింటు తీసి, మూడు ప్రశ్నల పక్కన కాస్త ఖాళీ వదిలి, గది బయట పట్టుకోండి. డీన్ ఆఫీసులో అటెండరుకో సూపరింటెండెంటుకో ఆయన ఏ పూట ఖాళీగా ఉంటారో బాగా తెలుస్తుంది, వాళ్లతో మంచిగా ఉండండి. లోపలికి వెళ్లాక కూర్చోమనకపోయినా పర్వాలేదు. "మూడు నిమిషాలు సార్, మూడు టిక్కులు" అని కాగితం ముందు పెట్టండి. మా గైడ్‌తో చివరి రెండేళ్లు నేను ఇలాగే నెట్టుకొచ్చాను. కారు ఎక్కబోతుంటే బానెట్ మీద కాగితం పెట్టి టిక్కు పెట్టించుకున్న రోజూ ఉంది.

నోటితో వచ్చిన జవాబును ఆ సాయంత్రమే మెయిల్ చేయండి. "సార్, ఈ రోజు మీరు చెప్పినట్టు: 1కి బి, 25న ఆర్‌ఏసీ. ఇలాగే ముందుకు వెళ్తున్నాను, నేను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పగలరు." దీనికి జవాబు రాదు, రానవసరమూ లేదు. ఆరు నెలల తర్వాత ఆయన "ఆ శాంపిళ్లు ఎందుకు తీసేశావ్" అని అడిగినప్పుడు (అడుగుతారు, మేం మర్చిపోతాం) మీ దగ్గర తేదీతో సహా ఉంటుంది. అది ఆయన ముందు పెట్టేటప్పుడు "మీరే చెప్పారు సార్" అని గెలవడానికి వాడకండి. "అప్పుడు ఈ కారణంతో అనుకున్నాం సార్, ఇప్పుడు మార్చమంటారా" అనండి.

ఈ మెయిళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. ఆరు నెలలకోసారి ఆర్‌ఏసీ నుంచి యూనివర్సిటీకి మీ ప్రోగ్రెస్ రిపోర్టు వెళ్తుంది. పని సంతృప్తికరంగా లేదని కమిటీ అనుకుంటే కారణాలు రాసి, ఏం సరిచేసుకోవాలో సూచిస్తుంది. ఆ సూచనలు అమలు చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేసే అధికారం కూడా దానికుంది. నెలకో మెయిల్ చొప్పున ఆరుంటే రిపోర్టు రాయడానికి మీకు ఒక పూట చాలు. వెనకబడ్డ వారాలు, వాటి కారణాలు అప్పటికప్పుడు రాసి ఉంటాయి కాబట్టి, చివర్లో సాకులు వెతుక్కున్నట్టుండదు.

నెలకు ఒకటి అన్నాను. వారానికొకటి పంపితే మూడో వారానికి మీ పేరు కనిపించగానే "తర్వాత చూద్దాం" అనే అలవాటు పడిపోతుంది. ప్రశ్నలు మూడు దాటొద్దు. ఐదు పంపితే తేలికైన రెండింటికి జవాబు రాసి, కష్టమైనవి వదిలేస్తాం, మళ్లీ ఆ మూడింటికి వేరే మెయిల్ రాయాల్సి వస్తుంది.

ఇంత చేసినా పని చేయని గైడ్లు ఉంటారు, లేరని చెప్పను. ఇలాంటి మెయిళ్లు మూడు పంపి, ఒకసారి గదికి వెళ్లి, ఇంకా ఏమీ రాకపోతే ఆర్‌ఏసీలోని మరో సభ్యుణ్ణి అడగండి. మీ పనిలో సలహా ఇవ్వడం వాళ్ల బాధ్యతే. కానీ అడిగేది మీ సార్ గురించి కాకుండా 1వ ప్రశ్న గురించి అయి ఉండాలి: "మేడమ్, ఈ 12 శాంపిళ్ల విషయంలో మీ అభిప్రాయం కావాలి." వాళ్లు చెప్పింది గైడ్‌కు రాయండి, "మేడమ్ ఇలా అన్నారు, మీరు సరేనంటే చేస్తాను" అని. చాలాసార్లు ఆ మెయిల్‌కే మొదటి జవాబు వస్తుంది, తన స్కాలర్‌కు వేరొకరు దారి చెబుతున్నారంటే ఏ సారైనా కదులుతాడు. హెచ్‌ఓడీని సీసీలో పెట్టడం మాత్రం చివరి అస్త్రం. అందులో పెట్టాక ఆ మెయిల్ ప్రోగ్రెస్ అప్‌డేట్‌గా ఉండదు, ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదే చేయాలనుకుంటే, గడువు దగ్గరపడుతుంటే చేయాల్సిందే, దాన్ని విడిగా, తేదీలతో రాయండి. పీహెచ్‌డీకి రీ-రిజిస్ట్రేషన్ లేకుండా ఉన్నది ఆరేళ్లే, మీరు నాలుగులో ఉన్నారు.

విసుక్కుంటారేమోనన్న టెన్షన్ గురించి: మేం విసుక్కునేది ఎక్కువసార్లు అడిగినందుకు కాదు, అడిగినప్పుడు ఏం చెప్పాలో మాకు తెలియనప్పుడు. ఈ వారం మీరు ఆర్‌ఏసీ సభ్యులను కలిసి రెండు తేదీలు తెచ్చుకోండి. ఆ రెండు పేజీల మెయిల్‌ను మళ్లీ చదివి, ఆయన తప్ప ఎవరూ చెప్పలేని ప్రశ్న అందులో ఏదో వెతకండి. ఒక్కటే దొరికితే ఒక్కటే పంపండి, తేదీతో కలిపి రెండవుతాయి.